వెండర్ బిల్లులో మన జీఎస్టీ నంబరు తప్పు పడితే మెయిల్‌లో ఏం రాయాలి

ప్రశ్న: మా కంపెనీ హెడ్డాఫీసు హైదరాబాద్‌లో, బ్రాంచి విజయవాడలో. రెండు చోట్లా జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంది. బాలానగర్ వెండర్ ఒకరు మా హైదరాబాద్ గోడౌన్‌కి స్టీల్ ర్యాకులు ఇచ్చి, బిల్లు మాత్రం విజయవాడ నంబరు మీద వేశారు. బిల్లు 2025 నవంబర్ 18ది. 2,40,000 మీద 43,200 ఐజీఎస్టీ. "మెయిల్ పెట్టి బిల్లు మార్పించమ్మా" అన్నారు మేనేజర్ గారు. ఫోన్ చేస్తే "కొత్త బిల్లు పంపేస్తాం మేడమ్" అంటున్నారు, పంపడం లేదు. ఇవాళ డిసెంబర్ 3. నేను అకౌంట్స్‌లో చేరి ఏడాది కూడా కాలేదు. మెయిల్‌లో ఏం రాయాలి?

సమాధానం:

మేడమ్, వాళ్లు ఫోన్‌లో ఒప్పుకున్న "కొత్త బిల్లు" రేపే మీ చేతికొచ్చినా మీ పని సగమే అయినట్టు. నంబరు దిద్దిన పీడీఎఫ్ పంపడానికి వెండర్ ఆఫీసులో ఐదు నిమిషాలు చాలు. ఆ పీడీఎఫ్ చూసి మీ మేనేజర్ గారు కూడా సరే అంటారు. కానీ వెండర్ తన అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1లో ఆ బిల్లును పాత నంబరు మీదే చూపిస్తే మీ తెలంగాణ రిజిస్ట్రేషన్‌కు ఒక్క రూపాయి క్రెడిట్ రాదు. 43,200 రూపాయలు మీ కంపెనీకి ఖర్చు కింద పోతాయి. అందుకే మెయిల్‌లో అడగాల్సింది రెండు: సరైన బిల్లు ఒకటి, రిటర్నులో సవరణ ఒకటి. నేను చూసిన మెయిళ్లలో చాలావరకు మొదటిది మాత్రమే అడుగుతాయి. తర్వాత ఆడిట్‌లో దొరికేదీ అక్కడే.

ఎందుకలా అంటే, 2022 జనవరి 1 నుంచి చట్టంలో ఒక షరతు చేరింది. వెండర్ ఆ బిల్లును తన రిటర్నులో చూపించాలి, అది పోర్టల్ నెలనెలా తయారుచేసే మన క్రెడిట్ పట్టిక జీఎస్టీఆర్-2బీలోకి రావాలి. అప్పుడే మనం క్రెడిట్ తీసుకోవాలి. చేతిలో బిల్లుంది, సరుకొచ్చింది, డబ్బులిచ్చాం అన్నది సరిపోదు. ఇక బిల్లులో చిన్నా చితకా వివరాలు లేకపోయినా క్రెడిట్ ఒప్పుకునే వెసులుబాటు నిబంధన 36లో ఉంది కానీ, కొన్నింటికి అది వర్తించదు. పన్ను మొత్తం, సరుకు వివరం, మొత్తం విలువ, అమ్మినవారి నంబరు, కొన్నవారి నంబరు, రాష్ట్రం దాటిన సరుకైతే సప్లై చేరిన రాష్ట్రం, ఇవి తప్పనిసరిగా ఉండాలి. కాబట్టి అడ్రసులో పిన్‌కోడ్ తప్పితే వదిలేయవచ్చు గానీ, కొన్నవారి జీఎస్టీ నంబరు తప్పితే వదలకూడదు.

మెయిల్ రాయడానికి కూర్చునే ముందు, ఆ తప్పు నంబరు ఎక్కడ ఉందో చూడండి. కాగితం మీద మాత్రమే ఉందా, పోర్టల్‌లో కూడా ఉందా? దీన్ని బట్టే మీరు అడగాల్సింది మారుతుంది. జీఎస్టీ నంబరులో 15 అక్షరాలు ఉంటాయి కదా. మొదటి రెండూ రాష్ట్రం కోడ్, తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. తర్వాతి పది మీ కంపెనీ పాన్. చివరి అక్షరం చెక్ డిజిట్, ముందున్న పద్నాలుగింటి నుంచి లెక్కకట్టి వచ్చేది. టైపింగ్‌లో ఒక అక్షరం తప్పితే ఆ లెక్క కుదరదు, పోర్టల్ ఆ నంబరును తీసుకోదు. అంటే పోర్టల్ దాకా వెళ్లిన తప్పు నంబరు దాదాపు ఎప్పుడూ నిజంగా ఉన్న నంబరే అయి ఉంటుంది. మీ ఇంకో బ్రాంచిది కావచ్చు, వెండర్‌కున్న మరో కస్టమర్‌ది కావచ్చు. అందుకే అది ఎక్కడా ఎర్రగా కనిపించదు, ఎవరికీ అనుమానం రాదు. అదే బిల్లు ఎక్సెల్‌లోనో వర్డ్‌లోనో టైపు చేసిందైతే కథ వేరు. కాగితం మీద ఒక అక్షరం తప్పి, రిటర్నులో సరిగ్గానే ఉండొచ్చు. అప్పుడు దిద్దిన కాపీ తెప్పించుకుంటే చాలు.

ఈ తేడా తెలుసుకోవడానికి వెండర్‌ను అడగక్కర్లేదు. బిల్లు మీద క్యూఆర్ కోడ్, పోర్టల్ ఇచ్చే 64 అక్షరాల ఐఆర్ఎన్ నంబరు ఉన్నాయేమో చూడండి. ఉంటే అది ఈ-ఇన్వాయిస్. ఆ కోడ్‌ను మామూలు ఫోన్ కెమెరాతో చూస్తే అర్థంకాని పొడవాటి అక్షరాల వరస వస్తుంది. జీఎస్టీఎన్ ఉచితంగా ఇచ్చే ఈ-ఇన్వాయిస్ క్యూఆర్ యాప్‌తో స్కాన్ చేస్తే అమ్మినవారి నంబరు, కొన్నవారి నంబరు, బిల్లు నంబరు, తేదీ, మొత్తం విడివిడిగా కనిపిస్తాయి. అక్కడ కొన్నవారి నంబరు 37తో మొదలైతే తప్పు పోర్టల్‌లోనూ ఉన్నట్టే. క్యూఆర్ కోడ్ లేకపోతే విజయవాడ లాగిన్‌లో, వెండర్లు మన మీద వేసిన బిల్లులు కనబడే ఐఎంఎస్ పేజీ తెరిచి చూడమని అక్కడి అకౌంట్స్ వారిని అడగండి. వెండర్ జీఎస్టీఆర్-1లో బిల్లు సేవ్ చేయగానే, ఇంకా ఫైల్ చేయకముందే, అది అక్కడ కనబడుతుంది.

మీ విషయంలో అది పోర్టల్‌లో కూడా ఉందనే నా నమ్మకం, ఎందుకంటే ఐజీఎస్టీ వేశారు. ట్యాలీలో మీ కంపెనీ పేరుతో రెండు లెడ్జర్లు ఉండి ఉంటాయి. బిల్లు కొట్టిన అబ్బాయి విజయవాడది ఎంచుకున్నాడు. 37 చూసి సాఫ్ట్‌వేర్ దానంతటదే ఐజీఎస్టీ వేసింది. బాలానగర్ నుంచి హైదరాబాద్ గోడౌన్‌కి వెళ్లిన సరుకు తెలంగాణ దాటలేదు. కాబట్టి పడాల్సింది సీజీఎస్టీ 21,600, ఎస్జీఎస్టీ 21,600. మొత్తం మాత్రం రెండు రకాలుగానూ 2,83,200 రూపాయలే. వెండర్ కదలకపోవడానికి అసలు కారణం ఇదేననుకుంటాను. వాళ్ల వైపు నుంచి చూస్తే రావాల్సిన డబ్బు మారలేదు, కట్టాల్సిన పన్ను మొత్తం మారలేదు, తప్పేముంది అనిపిస్తుంది. మెయిల్‌లో ఐజీఎస్టీ గురించి కూడా రాయకపోతే నంబరు ఒక్కటి మార్చి ఐజీఎస్టీ అలాగే ఉంచిన బిల్లు మళ్లీ వస్తుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, వెండర్ ఆడిటర్ తెలివైనవారైతే దీన్ని ఎత్తుతారు. ఒకరు ఆర్డర్ ఇచ్చి సరుకు ఇంకొకరి దగ్గర దింపమంటే, సరుకు దిగిన చోటు కాకుండా ఆర్డర్ ఇచ్చినవారి రాష్ట్రాన్ని సప్లై స్థలంగా తీసుకోవాలి. మీ విజయవాడ బ్రాంచి ఆర్డర్ పెట్టి హైదరాబాద్‌లో దింపమని ఉంటే, ఆ బిల్లు ఐజీఎస్టీతో సహా సరైనదే అవుతుంది! అందుకని పర్చేజ్ ఆర్డర్ తీసి చూడండి. దాని మీద 36తో మొదలయ్యే నంబరు ఉందా, బిల్ టు, షిప్ టు రెండూ హైదరాబాదేనా? రెండూ హైదరాబాదైతే మీ మాటకు తిరుగులేదు. పీవో కూడా 37 మీదే వెళ్లి ఉంటే తప్పు మీ వైపు ఉంది. అప్పుడు మెయిల్ స్వరం మారాలి, ముందు పీవో సవరణ జరగాలి. ఈ సమాధానంలో మిగతాదంతా పీవో సరిగ్గా ఉందనుకుని రాస్తున్నాను.

"రెండూ మన కంపెనీయే కదా, విజయవాడ వాళ్లే క్రెడిట్ తీసేసుకుంటారు" అని ఆఫీసులో ఎవరో ఒకరు అంటారు. ఒప్పుకోకండి. ఒకే పాన్ మీద ఉన్నా రెండు రాష్ట్రాల రిజిస్ట్రేషన్లను జీఎస్టీ చట్టం వేర్వేరు వ్యక్తులుగానే చూస్తుంది. సరుకు అందుకున్నవారికే క్రెడిట్. ర్యాకులు విజయవాడకు చేరలేదు.

ఇప్పుడు తేదీల సంగతి. మీకున్న సమయం తక్కువే కానీ పనికొచ్చే సమయం. నెలవారీ రిటర్ను వేసే వెండర్ నవంబర్ జీఎస్టీఆర్-1ను డిసెంబర్ 11 లోపు వేయాలి. ఇవాళ 3. ఇంకా ఫైల్ చేసి ఉండకపోతే సవరణ తేలిక, చేసేసి ఉంటే కొంచెం తిప్పలు. వెండర్ నెలవారీనా, మూడు నెలలకోసారి వేసేవారా అన్నది జీఎస్టీ పోర్టల్‌లో సెర్చ్ ట్యాక్స్‌పేయర్‌లో వాళ్ల నంబరు కొడితే తెలిసిపోతుంది, లాగిన్ కూడా అక్కర్లేదు. అక్కడే ఫైలింగ్ పట్టిక తెరిస్తే నవంబర్‌ది వేశారో లేదో తేదీతో సహా ఉంటుంది. ఆ పని చేసి మెయిల్ రాస్తే మీ మెయిల్ బరువే వేరు.

వెండర్ ఎలా దిద్దాలన్నది వాళ్లు ఈ-ఇన్వాయిస్ పరిధిలో ఉన్నారా లేదా అన్నదాని మీద ఆధారపడుతుంది. టర్నోవర్ 5 కోట్లు దాటిన వాళ్లకు 2023 ఆగస్టు 1 నుంచి అది తప్పనిసరి. పరిధిలో లేని చిన్న వెండర్, రిటర్ను ఇంకా వేయలేదు అనుకోండి. సాఫ్ట్‌వేర్‌లో లెడ్జర్ మార్చి, అదే నంబరు అదే తేదీతో బిల్లు మళ్లీ తీసి ఇచ్చేవారే ఎక్కువ. పాత కాపీ మీద "రద్దు" అని రాయించి, ఒకటి మీ ఫైలులో, ఒకటి వాళ్ల ఫైలులో ఉంచుకోండి. రిటర్ను వేసేసి ఉంటే తర్వాతి నెల జీఎస్టీఆర్-1లో టేబుల్ 9ఏ ద్వారా సవరించాలి. ఇక్కడ చాలామంది జీఎస్టీఆర్-1ఏ ఉంది కదా అంటారు. 2024లో వచ్చిన ఆ ఫారంతో అదే నెలలో చాలా తప్పులు దిద్దుకోవచ్చు, నిజమే. కానీ కొన్నవారి జీఎస్టీ నంబరు మార్చడానికి మాత్రం అది ఒప్పుకోదు. దానికి తర్వాతి జీఎస్టీఆర్-1 వరకు ఆగాల్సిందే. వెండర్ అకౌంటెంటుకు ఈ సంగతి తెలియకపోతే 1ఏలో ప్రయత్నించి, "పోర్టల్ పనిచేయడం లేదు" అని మీకు ఫోన్ చేస్తాడు.

ఈ-ఇన్వాయిస్ అయితే ఐఆర్ఎన్‌ను 24 గంటల్లోపే రద్దు చేయగలరు, అదీ దాని మీద నడుస్తున్న ఈ-వే బిల్లు లేకపోతేనే. నవంబర్ 18 బిల్లుకు ఆ దారి ఎప్పుడో మూసుకుపోయింది. ఐఆర్ఎన్‌లో సవరణ అనేదే లేదు, అదే బిల్లు నంబరుతో మళ్లీ ఐఆర్ఎన్ కూడా రాదు. పైగా పరిధిలో ఉన్నవారు ఐఆర్ఎన్ లేకుండా ఇచ్చిన బిల్లు చట్టప్రకారం బిల్లే కాదు. అందువల్ల నంబరు దిద్దిన ఉత్త పీడీఎఫ్ ఇలాంటి వెండర్ నుంచి వస్తే తీసుకోవద్దు. క్యూఆర్‌లో 37 ఉండి కాగితం మీద 36 ఉన్న బిల్లు అధికారి ముందు మీకే ఇబ్బంది. ఆచరణలో శుభ్రమైన దారి ఏమిటంటే, 37 నంబరు మీద పాత బిల్లుకు పూర్తి మొత్తానికి క్రెడిట్ నోటు ఇచ్చి, 36 నంబరు మీద కొత్త నంబరుతో, కొత్త ఐఆర్ఎన్‌తో బిల్లు ఇవ్వడం. ఐజీఎస్టీ కట్టిన దాని సర్దుబాటు వాళ్ల ఆడిటర్ చూసుకుంటారు. రాష్ట్రం లోపలి సప్లైని పొరపాటున అంతర్రాష్ట్రంగా చూపి ఐజీఎస్టీ కట్టినవారు తర్వాత సీజీఎస్టీ, ఎస్జీఎస్టీ కడితే వాటి మీద వడ్డీ ఉండదని చట్టంలోనే ఉంది. కట్టిన ఐజీఎస్టీని వాపసు అడగొచ్చు. కాకపోతే క్రెడిట్ నోటుతో ఒకసారి సర్దుకున్నాక వాపసు మళ్లీ రాదని 2021లో సీబీఐసీ సర్క్యులర్ ఇచ్చింది. వెండర్ "మాకు డబుల్ ట్యాక్స్ పడుతుంది" అని భయపడితే ఈ మాట చెప్పండి, సగం టెన్షన్ పోతుంది.

ఇక మెయిల్. మన ఆఫీసుల్లో ఇవి ఇంగ్లీషులోనే వెళ్తాయి, మీరూ అలాగే పంపండి. వరస మాత్రం ఇలా ఉండనివ్వండి. ఖాళీల్లో మీ వివరాలు నింపుకోండి.

సబ్జెక్ట్: బిల్లు నంబరు ____, తేదీ 18-11-2025: కొన్నవారి జీఎస్టీ నంబరు తప్పు, జీఎస్టీఆర్-1 ఫైలింగ్‌కు ముందు సవరణ అవసరం

____ గారికి నమస్కారం.

పై బిల్లు ద్వారా మీరు మా పర్చేజ్ ఆర్డర్ ____ (తేదీ ____) కింద స్టీల్ ర్యాకులు మా హైదరాబాద్ గోడౌన్‌కి పంపారు. సరుకు అందింది, అందులో లోపం లేదు.

బిల్లులో మా జీఎస్టీ నంబరుగా 37____ (మా విజయవాడ బ్రాంచి) వేశారు. పీవోలో ఉన్న, ఉండాల్సిన నంబరు 36____ (మా హైదరాబాద్ ఆఫీసు). సరుకు తెలంగాణలోనే బయలుదేరి తెలంగాణలోనే చేరింది కాబట్టి పన్ను కూడా మారాలి. ఇప్పుడు ఉన్నది: ఐజీఎస్టీ 43,200. ఉండాల్సింది: సీజీఎస్టీ 21,600, ఎస్జీఎస్టీ 21,600. పన్ను లేకుండా విలువ 2,40,000, మొత్తం 2,83,200, వీటిలో మార్పు లేదు.

దయచేసి ఈ రెండూ చేయగలరు: 36____ నంబరుతో సరైన బిల్లు పంపండి. మీ జీఎస్టీఆర్-1లో ఈ సప్లై 36____ మీద కనబడేలా చూడండి. ఈ-ఇన్వాయిస్ అయినట్లయితే పాత బిల్లుకు క్రెడిట్ నోటు, కొత్త ఐఆర్ఎన్‌తో కొత్త బిల్లు కావాలి. నవంబర్ జీఎస్టీఆర్-1 ఇప్పటికే వేసి ఉంటే ఏ నెల రిటర్నులో సవరిస్తారో తెలపండి.

ఏ పద్ధతిలో సవరిస్తున్నారో 6వ తేదీ శనివారం లోపు ఒక్క వాక్యంలో తెలిపితే, మా విజయవాడ బ్రాంచిలో దానికి తగ్గట్టు నమోదు చేసుకుంటాం. బిల్లులో పన్ను లేని విలువ 2,40,000 గడువు ప్రకారం చెల్లిస్తాం. పన్ను భాగం 43,200 సరైన బిల్లు మా 2బీలో కనిపించగానే చెల్లిస్తాం.

జతచేసినవి: పాత బిల్లు, పర్చేజ్ ఆర్డర్, గోడౌన్‌లో సంతకం చేసిన డెలివరీ చలానా, మా తెలంగాణ జీఎస్టీ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్.

ఇట్లు,
____, అకౌంట్స్

ఇది కొంచెం పొడవుగా ఉందనిపించవచ్చు. కానీ దీన్ని చదివేది మీరు ఫోన్‌లో మాట్లాడిన వ్యక్తి మాత్రమే కాదు. చిన్న కంపెనీల్లో రిటర్ను వేసేది బయటి ఆడిటర్ ఆఫీసు. మీ మెయిల్‌ను అక్కడికి ఫార్వర్డ్ చేస్తే, ఎవరినీ ఏమీ అడగకుండా పని చేసేయగలిగేలా ఉండాలి. "బిల్లులో జీఎస్టీ నంబరు తప్పు ఉంది, సరిచేసి పంపగలరు" అని ఒక్క ముక్కలో రాస్తే ఆడిటర్ ఆఫీసు నుంచి ఏ నంబరు, ఏ బిల్లు, పన్ను మారాలా అని ప్రశ్నలు తిరిగి వస్తాయి. ఈలోపు 11వ తేదీ దాటిపోతుంది. సబ్జెక్ట్ లైనులో ఫైలింగ్ మాట ఉండటం కూడా అందుకే. రోజుకు వంద మెయిళ్లు చూసేవారికి గడువు ముందు కనబడాలి.

"సరుకు అందింది, లోపం లేదు" అన్న వాక్యం తీసేయకండి. మీరు పేమెంటు ఆపడానికి సాకు వెతుకుతున్నారని వెండర్ అనుకుంటే జవాబే ఇవ్వడు. ఆ ఒక్క వాక్యంతో ఆ అనుమానం పోతుంది. అలాగే మెయిల్ పంపిన అరగంటకు ఫోన్ చేసి, మీ జీఎస్టీ పని ఎవరు చూస్తారో అడిగి వారి ఐడీకి కూడా పంపండి. రాతలో మెయిల్, మాటలో ఫోన్, రెండూ కావాలి.

పేమెంటు ఆపడం గురించి. మొత్తం బిల్లు ఆపేయడం నాకు నచ్చదు, చాలా చోట్ల అదే చేస్తారు. ఆ వెండర్ ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న సూక్ష్మ లేక చిన్న తయారీదారు అయితే ఒప్పందం ఉన్నా 45 రోజుల్లో, రాత ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో డబ్బు ఇవ్వాలి. ఆలస్యమైతే రిజర్వ్ బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ. మార్చి దాటి గడువు మీరిన బాకీ ఉంటే ఆ ఖర్చు ఆ ఏడాది ఆదాయపు పన్ను లెక్కలో చెల్లదు కూడా. జీఎస్టీ నంబరు తప్పు అనేది సరుకు మీద అభ్యంతరం కాదు. కాబట్టి ఆ కారణంతో గడువు ఆగుతుందని అనుకోవద్దు. పన్ను భాగం ఆపుతామనే షరతు మీ పీవోలో ఉందో లేదో చూసుకుని, లేకపోతే మేనేజర్ గారిని అడిగాకే ఆ వాక్యం మెయిల్‌లో పెట్టండి. వెండర్‌తో మాట ఇచ్చే అధికారం మీది కాదు, వారిది.

విజయవాడ బ్రాంచికి ఇవాళే ఒక మెయిల్ పెట్టండి, ఇది మర్చిపోతే కొత్త తలనొప్పి. ఐఎంఎస్‌లో ఆ బిల్లు మీద ఎవరూ ఏమీ నొక్కకపోతే, 2బీ తయారయ్యేటప్పుడు అది ఒప్పుకున్నట్టే లెక్క. 43,200 క్రెడిట్ వాళ్ల ఖాతాలోకి వచ్చేస్తుంది, అక్కడి వారు గమనించకుండా వాడేసుకుంటారు. వెండర్ ఏ దారిలో వెళ్తున్నాడో తెలిసే వరకు "పెండింగ్"లో పెట్టమనండి. టేబుల్ 9ఏ సవరణ అయితే ఆ బిల్లును రిజెక్ట్ చేయాలి. క్రెడిట్ నోటు దారి అయితే ఆ క్రెడిట్ నోటు కూడా విజయవాడ లాగిన్‌లోకే వస్తుంది. బిల్లును రిజెక్ట్ చేసి క్రెడిట్ నోటును మాత్రం ఒప్పుకుంటే, తీసుకోని క్రెడిట్‌ను తగ్గించినట్టవుతుంది. ఆ రెండింటినీ ఒకే నెలలో ఒప్పుకుంటే ఒకదానికొకటి కొట్టుకుపోతాయి. మెయిల్‌లో "ఏ పద్ధతిలో సవరిస్తున్నారో తెలపండి" అని అడిగింది ఇందుకే.

ట్యాలీలో పాత బిల్లు ఇప్పటికే ఎంట్రీ అయి ఉంటే పన్నును ఇన్‌పుట్ ఐజీఎస్టీ లెడ్జర్‌లో ఉంచకండి. "వెండర్ సవరణ పెండింగ్" అని ఒక లెడ్జర్ పెట్టి అందులోకి మార్చండి. కొత్త నంబరుతో బిల్లు వచ్చినప్పుడు పాత ఎంట్రీని రద్దు చేయకుండా కొత్తది వేస్తే, ఒకే సరుకుకు రెండు బాకీలు కనబడి రెండుసార్లు పేమెంటు వెళ్లిపోతుంది. నేను చూసిన ఒక ఆఫీసులో సరిగ్గా ఇలాగే వెళ్లింది. వెండర్ మంచివారు కాబట్టి తర్వాతి బిల్లులో సర్దుకున్నారు.

కొత్త బిల్లు రాగానే జీఎస్టీ నంబరు ఒక్కటే చూసి ఊరుకోకండి. క్యూఆర్ ఉంటే స్కాన్ చేయండి. పన్ను సగం సగం పడిందా, సప్లై స్థలం తెలంగాణ అని ఉందా చూడండి. కింద బ్యాంకు ఖాతా నంబరును మీ వెండర్ మాస్టర్‌తో పోల్చండి. బిల్లు మార్పు జరుగుతున్న సమయం మోసగాళ్లకు మంచి అదును. వెండర్ ఐడీని పోలిన ఐడీ నుంచి "సవరించిన బిల్లు" పంపి ఖాతా నంబరు మార్చేస్తారు. ఖాతా మారి ఉంటే పాత ఫోన్ నంబరుకే ఫోన్ చేసి అడగాలి, ఆ మెయిల్‌లో ఉన్న నంబరుకు కాదు.

తర్వాత డిసెంబర్ 14న నవంబర్ 2బీ తయారవుతుంది. వెండర్ 11 లోపు నవంబర్ రిటర్నులోనే దిద్ది ఉంటే అందులో మీ 36 నంబరు కింద ఆ బిల్లు కనబడాలి. కొత్త బిల్లు డిసెంబర్ తేదీతో వచ్చినా, 9ఏలో సవరించినా జనవరి 14న వచ్చే 2బీలో చూడాలి. మూడు నెలలకోసారి వేసే వెండర్ అయితే అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు ఉన్న రిటర్ను జనవరి 13 వరకు వేయవచ్చు. అప్పుడు మీరు మరికొన్ని రోజులు ఓపిక పట్టాలి. 2బీలో కనబడిన నెల జీఎస్టీఆర్-3బీ రిటర్నులో క్రెడిట్ తీసుకోండి, ముందు తీసుకోవద్దు. కనబడకపోతే అదే మెయిల్ మీద రిప్లై చేస్తూ 2బీ స్క్రీన్‌షాట్ జతచేయండి. కొత్త మెయిల్ మొదలుపెడితే పాత తేదీలు మరుగున పడిపోతాయి.

ఎంతకాలం వెంటపడాలి అంటే, 2025-26 బిల్లుకు ఆఖరి గడువు 2026 నవంబర్ 30, లేదా వార్షిక రిటర్ను ఆలోగా వేస్తే ఆ తేదీ. ఆ తర్వాత వెండర్ సవరించలేడు, మీరు క్రెడిట్ తీసుకోలేరు. 2017-18, 2018-19 బిల్లుల్లో ఇలాంటి తప్పులకు వెండర్ సర్టిఫికెట్‌తో క్రెడిట్ ఒప్పుకోమని 2022 డిసెంబర్‌లో సర్క్యులర్ 183 వచ్చింది. తర్వాత 193 దాన్ని 2021 డిసెంబర్ వరకు కొన్ని షరతులతో పొడిగించింది. ఆ సర్క్యులర్ పట్టుకుని "ఇప్పుడు కూడా సర్టిఫికెట్ ఇస్తాం" అని వెండర్ అంటే ఒప్పుకోవద్దు. మీ బిల్లు కాలానికి అది వర్తించదు.

మెయిల్ ఇవాళ సాయంత్రం లోపు వెళ్లిపోవాలి. 6 లోపు జవాబు రాకపోతే 8న సోమవారం పొద్దున్నే వెండర్ ఓనర్ ఐడీని కూడా కాపీలో పెట్టి రిప్లై చేయండి, మీ మేనేజర్ గారిని కూడా కాపీలో పెట్టండి. అప్పటికి రిటర్నుకు ఇంకా మూడు రోజులు ఉంటాయి.